నోటెడ్ పో

మా కాలేజీలో మెయిలుకి జవాబు రాయనివాళ్లు తక్కువ. జవాబు చెప్పేవాళ్లు అంతకన్నా తక్కువ.

ఇరవై రెండేళ్ల కిందట స్టాటిస్టిక్స్ పాఠాలు చెప్పుకుందామని ఫిలిప్పీన్స్‌లోని కెసోన్ సిటీకి వచ్చిన కొత్తలో, నా మొట్టమొదటి మెయిలుకి ఒక లెక్చరరమ్మ 'నోటెడ్ పో' అని జవాబిచ్చింది. పొమ్మంటోందేమిటి ఈవిడ అని రెండు రోజులు మొహం తిప్పుకుని తిరిగాను. తర్వాత తెలిసింది, ఇక్కడ 'పో' అంటే మన 'అండీ' అని. మన దగ్గర పో అంటే పరువు పోతుంది, ఇక్కడ పో అనకపోతే పోతుంది. పో సంగతి అలా తేలింది కానీ నోటెడ్ సంగతి ఈనాటికీ తేలలేదు. అది అవును కాదు. కాదు కూడా కాదు. పోనీ మెయిలు చదివామని అర్థమా అంటే, దానికీ పూచీ లేదు.

ఈ నోటెడ్ నోట్లో పడి నలిగిన మనిషి మా ఆఫీసు రొవేనా దిమాకులాంగన్. ఆ ఇంటిపేరుకి వాళ్ల భాషలో 'లోటు చెయ్యడానికి వీల్లేనిది' అని అర్థం. పేరు అలా ఉంది గానీ, ఆవిడ ఏర్పాటు చేసిన మొదటి విందులో లోటే మిగిలింది. కాలేజీ వార్షికోత్సవానికి నోటెడ్ అన్నవాళ్లందరినీ రానివాళ్ల కింద రాసుకుంది. అందరూ వచ్చారు. పాన్సిత్ నూడుల్స్ పళ్లెం రెక్టరుగారి వరసకి చేరేసరికి అందులో నిమ్మకాయ ముక్క ఒక్కటే ఉంది. బుద్ధొచ్చి క్రిస్మస్ విందుకి నోటెడ్ అన్నవాళ్లందరినీ వచ్చేవాళ్ల కింద రాసుకుంది. ఎవరూ రాలేదు. నలభై మంది తిండి మిగిలి, వాచ్‌మన్ కుక్క కూడా మూడో రోజుకి మొహం తిప్పుకుంది.

ఇప్పుడు మూడోసారి. లైబ్రేరియన్ మామ్ సొకోరో రిటైరవుతోంది, శనివారం మధ్యాహ్నం భోజనాలు. రొవేనాది కాంట్రాక్టు ఉద్యోగం, జూన్ ఆఖరుతో సరి. వైస్ ప్రెసిడెంట్ డాక్టర్ బ్వెన్‌కొన్సేహో గారు ఆవిడ్ని పిలిచి మర్యాదగానే చెప్పారట. ఈసారి ఒక్క ప్లేటు తక్కువ పడకుండా, పది ప్లేట్లు మిగలకుండా చేస్తే పర్మనెంటు కాగితం మీద సంతకం పెడతాననీ, లేకపోతే లెక్కలొచ్చినవాళ్లని చూసుకుంటాననీ. ఆయన ఇంటిపేరుకి అర్థం 'మంచి సలహా'. పేరుకి తగ్గట్టే సలహా తప్ప ఇంకేమీ ఇవ్వరు.

పిలిచినవాళ్లు ఎనభై ఆరుగురు. మంగళవారం సాయంత్రానికి రెండు మెయిళ్లు వెళ్లాయి. వస్తామన్నవాళ్లు పదకొండు, రామన్నవాళ్లు నాలుగు, నోటెడ్ నలభై, ఉలుకూ పలుకూ లేనివాళ్లు ముప్ఫై ఒకటి. మెయిళ్లే తప్ప మేలు లేదు.

వంటలావిడ ఆలింగ్ కొన్చింగ్‌కి ఖాయమైన సంఖ్య బుధవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా కావాలి. ఆలింగ్ అంటే పెద్దావిడకిచ్చే గౌరవం, ఆలింగనానికి సంబంధం లేదు. ఆవిడ దగ్గర ఆ ప్రమాదమూ లేదు, చేతిలో ఎప్పుడూ గరిటె ఉంటుంది. పన్నెండు దాటితే మాంసానికి ఆర్డరు వెళ్లిపోతుంది, బల్లలూ కుర్చీలూ లారీ జాబితాకి ఎక్కుతాయి, ఆపైన సంఖ్య తగ్గించడం కుదరదు. జాగ్రత్తకి నూటికో ఐదుగురి తిండి ఎక్కువ వండుతుంది కానీ కుర్చీ మాత్రం ఒక్కటీ ఎక్కువ తేదు. రొవేనా, అందరికీ ముద్దుగా వెంగ్, ఇంకొక్కరోజు అడిగితే ఫోన్లో నవ్విందట.

"వెంగ్, కల్దెరెటా కూర నోటెడ్‌తో ఉడకదే తల్లీ, మాంసంతో ఉడుకుతుంది. ఎన్ని కిలోలో చెప్పు."

రొవేనా నా గదికి వచ్చి కూలబడింది.

"సర్, మీరు స్టాటిస్టిక్స్ కదా. నలభై నోటెడ్లకి మనుషులెంతమంది?"

సగం వేసుకొమ్మన్నాను. "ఇరవై. అటూ ఇటూ ఓ ఇరవై."

"అంటే సున్నా నుంచి నలభై. ఇది నాకూ తెలుసు సర్, పీహెచ్‌డీ లేకుండానే."

జవాబివ్వనివాళ్లకి తిండి లేదని రాసెయ్యమన్నాను. అదివరకే రాసి చూపించిందట. బ్వెన్‌కొన్సేహో గారు ఎర్ర పెన్ను తీశారు. తిండి లేదనడం మన సంస్కృతి కాదన్నారు. గడువు అన్న మాట కొట్టేశారు. "డెడ్‌లైన్ అనకమ్మా, అందులో డెడ్ ఉంది. జెంటిల్ రిమైండర్ అను." జెంటిలంటే జెంటిలే, అంత మెత్తటి మెయిలు ఎవరి నెత్తిన పడితే మాత్రం ఏం నొప్పి? గడువు తీసేస్తే మిగిలింది గొడవే.

బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి మూడో మెయిలు వచ్చింది. పైన జెంటిల్ రిమైండరనే ఉంది. మామ్ సొకోరో సేవల మీద రెండు పేరాలు, వాతావరణం మీద ఒకటి, భగవంతుడి దయ మీద ఒకటి. గడువన్న మాట లేదు, తిండి లేదన్న మాటా లేదు. చివర్న మాత్రం ఒక వాక్యం ఉంది: 'ఈరోజు పన్నెండులోపు వస్తున్నామనో రావడం లేదనో చెప్పనివారు, నోటెడ్ అన్నవారితో సహా, శనివారం భోజనాలకి ముందు వెదురు కర్రల మధ్య తినిక్లింగ్ నాట్యం చెయ్యడానికి సంతోషంగా ఒప్పుకున్నట్టు భావిస్తాం. చెప్పులు వదలాలి.'

తినిక్లింగంటే తినేది కాదు. ఇద్దరు కూచుని వెదురు బొంగులు టకటకా కొడుతుంటే మధ్యలో గెంతాలి. తాళం తప్పితే చీలమండ అప్పడం.

మెయిలు చివరిదాకా చదివేవాడు ప్రతి శాఖలోనూ ఒకడుంటాడు. ఆ ఒక్కడూ కేకేస్తే చాలు. పదిన్నరకల్లా జవాబులు కుప్పలు పడ్డాయి. ఇరవై ఏళ్లుగా అవునూ కాదూ అనని ఫిలాసఫీ హెడ్డు 'వస్తున్నాను, తినడానికి మాత్రమే' అని పెద్ద అక్షరాలతో రాశాడు. మోకాలి ఎక్స్‌రే జతచేసినవాళ్లు ఇద్దరు. పన్నెండుకి ఐదు నిమిషాలుండగా లెక్క తేలింది. వచ్చేవాళ్లు అరవై ఒకటి, రానివాళ్లు ఇరవై నాలుగు, నోటెడ్ ఒకటి.

ఆ ఒక్కటీ తొమ్మిదీ రెండుకి వచ్చింది. పంపింది బ్వెన్‌కొన్సేహో గారు.

రొవేనా ఫోను పట్టుకుని నా వంక చూసింది. ఆయన్ని కలిపితే నోటెడ్ అంటే అవునని తనే ఒప్పుకున్నట్టు. వదిలేస్తే సంతకం పెట్టే చేతికి ప్లేటు లేనట్టు.

"సర్‌ని అడిగి వస్తే?" అన్నాను.

"అడిగితే ఏమంటారో తెలుసు సర్." అని ఆలింగ్ కొన్చింగ్‌కి ఫోన్ చేసింది. "అరవై ఒకటి. ఖాయం."

శనివారం అరవై ఒక్కరూ వచ్చారు. చెప్పిన మాట మీద నిలబడ్డారని పొగడక్కర్లేదు, కర్రలకి భయపడ్డారు. అరవై రెండో మనిషిగా బ్వెన్‌కొన్సేహో గారు బరోంగ్ చొక్కా తొడుక్కుని వచ్చి ఏ బల్లకి వెళ్లినా కుర్చీ నిండే ఉంది. ఇంతలో మైకులో రొవేనా గొంతు వినిపించింది. సంతోషంగా ఒప్పుకున్న ఏకైక నాట్యకారులు వేదిక మీదికి రావాలంది. చేతిలో మెయిలు ప్రింటు, దాని కింద ఆయన జవాబు.

ఆయనకి రెండే దారులు. నేను మెయిలు చదవలేదని అరవై ఒక్కరి ముందు చెప్పాలి, లేదా బూట్లు విప్పాలి. విప్పారు. ఎడమ సాక్సుకి చిల్లుంది. కర్రలు పట్టుకున్న డ్రిల్లు మాస్టర్లిద్దరూ కనికరించి నెమ్మదిగానే కొట్టారు కానీ వెదురుకి హోదాలు తెలియవు. మూడో గెంతుకి చీలమండ మీద ఒకటి పడింది. మామ్ సొకోరో ముప్ఫై ఆరేళ్ల ఉద్యోగంలో మొదటిసారి బిగ్గరగా నవ్వింది.

ఆయన ప్లేటు ఆ ఎక్కువ వండినదాంట్లోంచే వచ్చింది. కుంటుతూ నిలబడే తిన్నారు. కల్దెరెటా గిన్నె ఖాళీ, అన్నం గిన్నె ఖాళీ. ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకున్న సీనియర్ ప్రొఫెసర్లు ఖాళీ డబ్బాలు చప్పుడు కాకుండా సంచుల్లోకి తోసుకున్నారు. తక్కువ పడలేదు, మిగల్లేదు. ఇచ్చిన మాట అందరికీ తెలుసు గనక సోమవారం ఆయన సంతకం పెట్టక తప్పలేదు. ఈసారి మాత్రం కాగితం రెండువైపులా చదివారట.

గురువారం అభినందిద్దామని వెళితే, రొవేనా బల్ల దగ్గర హెచ్ఆర్ మామ్ లీసెల్ ఒక ప్రింటు పట్టుకుని నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది. పర్మనెంటు ఉద్యోగానికి సమ్మతి తెలపమంటూ పంపిన రిమైండరు. కింద రొవేనా అలవాటుకొద్దీ టైపు కొట్టి పంపిన జవాబు, రెండు మాటలు.

"వెంగ్, ఇది అవునా కాదా?" అంది మామ్ లీసెల్. "చెప్పకపోతే వెదురు కర్రలు తెప్పిస్తాను."