ఒకే పళ్ళెం

తరగతిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే నేను బెత్తం తీసేదాన్ని కాదు. ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, మధ్యాహ్నం ఒకే క్యారేజీలో అన్నం తినమనేదాన్ని. వారం తిరిగేసరికి కిక్కురుమనకుండా ఉండేవారు. ముప్పై నాలుగేళ్ళు టీచరుగా ఇదే నా వైద్యం, దీనికి నాకు మంచి పేరు కూడా వచ్చింది. రిటైరయ్యాక అదే వైద్యం పిల్లుల మీద చేశాను.

నా పిల్లి పేరు రాణి. ఆరేళ్ళుగా రామచంద్రపురంలోని మా మేడ మీద వాటా దానిదే, అద్దె నేను కడుతున్నానంతే. రెండో పిల్లి చంటి. మా తమ్ముడి భార్య ఆశాజ్యోతి పెంచుకున్నది. తమ్ముడు ముందే పోయాడు, మొన్న ఈస్టరు ముందు లెంట్ ఉపవాసాల రోజుల్లో ఆశాజ్యోతి కూడా పోయింది. వాళ్ళమ్మాయి క్రిస్టినా రాజమండ్రిలో నర్సు, హాస్టల్లో ఉంటుంది. అక్కడ పిల్లిని ఉంచనివ్వరు. పుట్టెడు దుఃఖంలో ఒక బుట్టలో చంటిని పెట్టుకుని నా దగ్గరికి తెచ్చింది.

"అమ్మ చివరి రోజు దాకా దీన్ని పక్కలోంచి దిగనివ్వలేదు అత్తా. నాకంటూ మిగిలింది ఇదొక్కటే. ఇల్లు తీసుకోగానే తీసుకెళ్ళిపోతాను. అప్పటిదాకా జాగ్రత్తగా చూస్తావా?"

"ఎంతమంది పిల్లల్ని చూశానే! ఒక పిల్లిని చూడలేనా?" అన్నాను.

బుట్ట మూత తియ్యగానే రాణి బుసకొట్టింది. చంటి మంచం కిందికి దూరింది. నేను రెండింటికీ కలిపి ఒక పళ్ళెంలో చేపముక్కల అన్నం పెట్టాను. మూత్రానికి ఒకటే ఇసుక టబ్బు, వరండా మూల. మొదటి వారం బుసలు, రెండో వారానికి ఇల్లు సద్దుమణిగింది. ఒక్క గీరుడు లేదు, ఒక్క అరుపు లేదు. క్రిస్టినా రోజూ ఫోన్లో "తిందా అత్తా?" అనేది. పళ్ళెం అద్దంలా ఉండేది కాబట్టి "శుభ్రంగా తింది" అనేదాన్ని. అది అబద్ధమని నాకు తెలియదు. తెలుసుకోవాలని చూడలేదు కూడా.

చంటి పగలంతా బీరువా మీదే ఉండేది. ఒకరోజు నా పక్క దుప్పటి మీద మూత్రం పోసింది. మర్నాడూ అంతే. పొగరు అనుకుని కేకలేశాను. నెల తిరక్కుండా ఎత్తుకుంటే వెన్నుపూస వేళ్ళకి తగిలింది. చెవుల లోపల పసుపు ఛాయ. అప్పుడు నాకు భయం వేసింది.

పశువుల డాక్టరు రాజేంద్ర గారు పొద్దుట్నించీ గేదెలతోనే సతమతమవుతారు గానీ, ఆయన ఇంట్లో మూడు పిల్లులున్నాయి. చంటి కడుపు నొక్కి చూసి, రక్తం తీసుకున్నారు.

"ఇది కొన్నాళ్ళుగా సరిగా తినడం లేదండి. పిల్లి పస్తుంటే లివరు దెబ్బతింటుంది. ఇంట్లో ఇంకో పిల్లి ఉందా?"

"ఉందండి. కానీ కొట్టుకోవు. అసలు గొడవే లేదు."

"గొడవ ఉంటే మీకు ముందే తెలిసేదండి. ఈ పూట అన్నం పెట్టి, మీరు దూరంగా కూర్చుని చూడండి. ఏమీ కలగజేసుకోవద్దు."

చూశాను. రాణి తీరిగ్గా సగం పైగా తిని, పళ్ళేనికీ ఇసుక టబ్బుకీ మధ్య గుమ్మంలో కూర్చుని పాదం నాకడం మొదలెట్టింది. చంటి బీరువా దిగి నాలుగు అడుగులు వేసింది. రాణి నాకడం ఆపి తలెత్తి చూసింది. రెప్ప వెయ్యలేదు, తోక చివర మాత్రం కదిలింది. చంటి ఒళ్ళు కుంచించుకుని వెనక్కి పోయింది. కాసేపయ్యాక రాణి వెళ్ళి మిగిలింది కూడా తినేసింది. అంతే. ఎవరైనా చూస్తే ఎంత బుద్ధిమంతులో అనుకుంటారు. పిల్లికి చెలగాటం, ఎలకకి ప్రాణసంకటం అంటారు. ఇక్కడ రెండూ పిల్లులే, ప్రాణం మాత్రం ఒకదానిదే పోతోంది.

మర్నాడు పొద్దున్నే చంటిని ఎత్తుకుని వెళ్ళి, చూసింది చూసినట్టు చెప్పాను.

డాక్టరు గారు మందిచ్చి, సిరంజీతో మెత్తటి తిండి పట్టించడం నేర్పారు. తర్వాత అసలు సంగతి చెప్పారు.

"వాటిని స్నేహితుల్ని చెయ్యాలని చూడకండి. ఒకదానికొకటి అడ్డం రాకుండా బతికితే చాలు. ముందు చంటికి వేరే గది, తలుపు మూసి. గిన్నెలు వేరు, ఒకదాని దగ్గర నిలబడితే రెండోది కనపడకూడదు. రెండు పిల్లులకి మూడు ఇసుక టబ్బులు, మూడు చోట్ల. ఎత్తులో కూర్చునే చోట్లు రెండింటికీ ఉండాలి. పోవడానికి ఎప్పుడూ రెండో దారి ఉండాలి. దీని పడక గుడ్డ దానికి, దాని పడక గుడ్డ దీనికి వేసి వాసన అలవాటు చెయ్యండి. మూసిన తలుపుకి అటూ ఇటూ అన్నం పెట్టండి. బెదరకుండా తింటే, కొన్ని వారాలకి వేలెడు సందు తియ్యండి. రాణిని కొట్టొద్దు, తిట్టొద్దు. తొందరపడితే మళ్ళీ మొదటికొస్తుందండి."

అక్షరం పొల్లుపోకుండా చేశాను. పన్నెండు రోజులకి చంటి తనంతట తానే గిన్నెలో తింది. చెవుల పసుపు తగ్గింది. ఒక సాయంత్రం నా ఒళ్ళోకి వచ్చి గుర్రుగుర్రుమంది. పద్దెనిమిదో రోజుకి తలుపుకి అటొకటి, ఇటొకటి నింపాదిగా తింటున్నాయి. ఆ ఆదివారం మధ్యాహ్నం క్రిస్టినా వస్తానంది.

చర్చి నుంచి వచ్చి చేపలు వండాను. మనసులో ఒక బొమ్మ కట్టుకున్నాను. క్రిస్టినా లోపలికి రాగానే రెండు పిల్లులూ ఒకే పళ్ళెంలో తింటూ కనపడతాయి. వేలెడు సందుకే ఇంకా టైముంది, నాకు తెలుసు. తెలిసే హాల్లో ఒక పళ్ళెం పెట్టి, గది తలుపు బార్లా తీశాను. మెట్ల వైపు తలుపు కూడా, క్రిస్టినా వస్తుంది కదా అని, తీసే ఉంది.

చంటి పళ్ళెం దాకా వచ్చింది. రాణి దాని వెనక నుంచి వెళ్ళి గది గుమ్మంలో కూర్చుంది. మీద పడలేదు, బుసకొట్టలేదు, చూసిందంతే. చంటి వెనక్కి తిరిగింది. చెవులు తలకి అంటుకుపోయాయి. గదికి పోయే దారి లేదు. మిగిలిన దారి మెట్లే.

నేను మెట్లు దిగేసరికి వీధిలో లేదు. పావుగంటకి క్రిస్టినా వచ్చింది. కాలవ గట్టు, లారీల కింద, రైస్ మిల్లు గోదాములు, మూడు రోజులు ఇద్దరం పేరు పెట్టి పిలుస్తూ తిరిగాం. నాలుగో రోజు పొద్దున్న మిల్లు వాచ్‌మన్ చిట్టియ్య సిమెంటు సంచి పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు.

"గట్టు రోడ్డు మీద ఉందండి. లారీ కాబోలండి."

కరివేపాకు చెట్టు పక్కన పాతిపెట్టాం. క్రిస్టినా ఏడవలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మేడెక్కి, ఎండలో పడుకున్న రాణిని గోనెసంచిలో కుక్కి మూతి కట్టాను. "చిట్టియ్యా, దీన్ని కోటిపల్లి రేవు దాటించి వదిలేసిరా! రాక్షసి!" అని అరిచాను.

వెనకే పైకొచ్చిన క్రిస్టినా నా చేతిలోంచి సంచి లాక్కుంది.

"అదేం చేసింది అత్తా? దానికి తెలిసింది అది చేసింది. డాక్టరు గారు చెప్పింది నీకు, దానికి కాదు. తలుపు ఎందుకు తీశావు?"

అబద్ధాలు చాలా తట్టాయి. గాలికి తెరుచుకుందనొచ్చు, గడియ పాడైందనొచ్చు.

"నువ్వు వచ్చేసరికి రెండూ కలిసి తింటూ ఉంటే, నువ్వు చూసి నన్ను మెచ్చుకుంటావని," అన్నాను.

క్రిస్టినా వంగి సంచి ముడి విప్పింది. రాణి బయటికొచ్చి ఒళ్ళు విరుచుకుని, ఎప్పటిలాగే నా కాళ్ళకి రాసుకుంది. అప్పటికి ఏడుపొచ్చింది నాకు. అటు తిరిగేసరికి క్రిస్టినా మెట్లు దిగి వెళ్ళిపోతోంది.