కంబళి మీద కాగితాలు

మా కోడలు సుజిత అన్నూరులో బనియన్ల కంపెనీకి పోతూనే ఇంటి నుంచి డిగ్రీ చదువుతోంది. చేత్తో రాసిన జవాబుల కాగితాలను ఫోన్‌లో ఫొటోలు తీసి, అన్నీ ఒకే పీడీఎఫ్‌గా కాలేజీకి పంపాలి. మొదట పంపినది తిరిగి వచ్చింది. ట్యూబ్‌లైటు కింద తీసినందువల్ల ప్రతి పేజీ మీదా ఆమె చేతి నీడ పడింది. చదవడానికి వీలు కావడం లేదని రాశారు. ఈ సాయంత్రం ఐదింటికి గడువు. అది దాటితే ఒక ఏడాది చదువు పోయినట్టే.

మధ్యాహ్నం వెలుతురులో వసారాలో మళ్లీ మొదలుపెట్టింది. మా ఇంట్లో చదువు కాగితం నేల మీద పెట్టం. నేను కట్టుకునే ఉతికిన తెల్ల వేష్టిని నేనే పరిచాను.

స్కాన్ యాప్‌కు కాగితం అంచులు దొరకలేదు. ఒక పేజీకి వేష్టి అంచు కూడా కలిపి తీసుకుంది. ఇంకో పేజీలో సగం రాత కోసేసింది. సుజిత ఒక్కో మూలా వేలితో లాగి సరిచేస్తూ కళ్లు తుడుచుకుంది.

ఆన్‌లైన్ సెంటర్‌లో పనిచేసే పక్కింటి నిత్య తొంగిచూసింది.

"ఏమక్కా, కాగితాలకు పెండ్లా? వేష్టి పరిచినారే!"

"మామ పరిచిరి."

"మంచి మామనే! తాతా, తెల్లదాని మీద తెల్లది పెడితే ఫోన్‌కు ఎట్ల తెలుస్తుంది? నల్లదేమన్నా ఉందా?"

లోపలికి పోయి, పెట్టెలోని నల్ల కంబళి తెచ్చాను. పెండ్లిళ్లలో పెద్దలు కూర్చునేందుకు మాత్రమే దాన్ని తీస్తాం.

"అయ్యయ్యో, అది వద్దు మామా!" అంది సుజిత.

"పరచమ్మా," అన్నాను.

కంబళి మీద పెట్టగానే యాప్ నాలుగు మూలలూ తానే పట్టుకుంది. కాస్త వంకరగా తీసిన పేజీ కూడా నిటారుగా నిలిచింది. ఇంకా కాస్త పడుతున్న నీడ పోవాలని సుజిత నలుపు తెలుపు ఫిల్టర్ నొక్కింది. నీడతోపాటు పెన్సిల్‌తో గీసిన పటాలూ మాయమయ్యాయి.

"పటం యాడ పాయె?" అని అరిచింది.

"కూకలు వెయ్యద్దక్కా. గ్రే పెట్టు," అంది నిత్య.

గీతలు తిరిగి వచ్చాయి. కాగితం అంతా ఒకే తెలుపులో కనిపించింది. పేజీలు వరుసలో పెట్టి ఒకే ఫైలు చేశారు. అది వాళ్లు అడిగిన సైజు కంటే పెద్దదైంది. నిత్య కొంచెం తగ్గించి, అక్షరాలు చెదిరాయేమోనని ప్రతి పేజీ పెద్దదిగా చేసి చూపించింది. అంతా చదవగలిగేలా ఉంది.

పంపారు. అందినట్టు జవాబు వచ్చింది. సుజిత నిత్యను గట్టిగా పట్టుకుంది.

"విడు అక్కా, ఊపిరాడలేదు! నేను పోతా, అమ్మ తిట్టును."

కాగితాలన్నీ తీసి సుజిత చేతికిచ్చి, కంబళి ముడతలు సరిచేశాను.

"కూర్చోండి ఇద్దరూ," అన్నాను. "వేడి వేడి కాపీ నేను పెట్టి తెస్తా."