ఎడమ తుపాకీ

ఆ ఆటను తయారుచేస్తున్నది వదినా మరుదులిద్దరే. వాళ్ల ఆఫీసు కుట్టుమిషన్ల దుకాణం పైనున్న ఒంటిగది. మిషన్లు నడుస్తున్నంతసేపూ బల్లలు సన్నగా వణికేవి. మరిది ప్రోగ్రాం రాసేవాడు. బుల్లెట్లు ఏ వరసలో, ఏ వంకరలో రావాలో వదిన చూసుకునేది.

ఆట తీరు చాలా సులువు. తెర అడుగున ఒక చిన్న విమానం. పైనుంచి వానలా బుల్లెట్లు. వాటిని తప్పించుకుంటూ శత్రువును కొట్టాలి. చివరి శత్రువు ఒక ఇనుప పువ్వు. అది వదిన చేతి పనితనం. పువ్వు నడుమ నుంచి బుల్లెట్లు సుడులు తిరుగుతూ వస్తాయి. ఒక విడత వదిలాక పువ్వు కాస్త తిరిగి మళ్లీ వదులుతుంది. ఆ తిరిగే కోణం వృత్తాన్ని సరిగ్గా భాగించేదైతే బుల్లెట్లన్నీ అవే దారుల్లో పడతాయి, ఆడేవాడు మధ్యలో నిలబడి కునుకు తీయొచ్చు. అందుకని ఆమె ఎటూ తెగని కోణం ఎంచుకుంది. ఖాళీలు మెల్లగా జరుగుతూ ఉంటాయి, వాటితోపాటు మనమూ జరగాలి.

తెర పై మూలల్లో ఎడమనొకటి, కుడినొకటి తుపాకులు. అవి ఎప్పుడు పేలతాయో తెలియదు. పేలే క్షణంలో విమానం ఎక్కడుందో చూసుకుని అక్కడికే వరసగా మూడు బుల్లెట్లు వదులుతాయి. కదలకపోతే తగులుతాయి. కంగారుపడి దూరం ఉరికితే సుడిలో పడతాం. రవ్వంత పక్కకు జరిగితే చాలు.

ఇంత వేధించినా ఆటగాడిమీద దయ ఉండాలని ఆమె పట్టుదల. విమానం బొటనవేలి గోరంత ఉన్నా, తగిలితే ప్రాణం పోయే చోటు, అంటే హిట్‌బాక్స్, దాని నడుమ ఆవగింజంత చుక్క మాత్రమే. రెక్కల మీంచి బుల్లెట్లు రాసుకుపోయినా ఏమీ కాదు. "పోయినవాడు తన తప్పే అనుకోవాలి. మనల్ని తిట్టుకోకూడదు" అనేది.

అలాంటిది, ఒక మధ్యాహ్నం ఆమే కీబోర్డును విసురుగా నెట్టేసింది.

"నీ హిట్‌బాక్స్ తప్పబ్బాయ్! ఖాళీలో ఉన్నాను. చుట్టుపక్కల ఏమీ లేదు. అయినా పోయాను."

"మొన్న కూడా ఇదే అన్నారు వదినా. చూశాను, బాగానే ఉంది."

"అయితే మళ్లీ చూడు."

నిజానికి ఆ గొడవ కొన్ని వారాలుగా నడుస్తోంది. ఎడమ తుపాకీ మరీ దుర్మార్గంగా ఉందని ఆమె దాని బుల్లెట్ల వేగం తగ్గించింది. మళ్లీ తగ్గించింది. ఆడి చూడమని ఇచ్చిన స్నేహితులేమో, ఎడమ తుపాకీ నిద్రపోతోందా అని నవ్వారు. ఆమెకు ఆ నవ్వు అర్థం కాలేదు. పోయాక తెరమీద పడే లెక్క ప్రకారం ఆమె పోతున్నది ఎప్పుడూ దాని చేతిలోనే.

మరిదికి ఒక ఉపాయం తోచింది. ఎడమ తుపాకీ కోడ్‌ను కుడికి, కుడిదాన్ని ఎడమకు మార్చాడు. లోపం కోడ్‌లో ఉంటే చావులు కుడివైపుకు మారాలి. ఆమె ఆడింది. పోయింది. మళ్లీ ఆడింది. ప్రతిసారీ ఎడమనుంచే.

"ఇంక రికార్డింగే చూద్దాం" అన్నాడతను.

ఆట ప్రతి మీట నొక్కునూ దాచుకుంటుంది. అతను తుపాకుల కోడ్‌ను మళ్లీ ఎప్పటిలా మార్చి, ఇందాక ఆమె కీబోర్డు నెట్టేసిన ఆటను మెల్లగా తిరిగి నడిపి, హిట్‌బాక్స్ కనబడేలా పెట్టాడు. విమానం నడుమ ఎర్రచుక్క వెలిగింది. సుడి పాయలు ఇటూ అటూ దాటిపోయాయి. పై ఎడమ మూలనుంచి మూడు గులాబీరంగు బుల్లెట్లు బయల్దేరి, దర్జాగా తెరంతా దాటి, మొదటిది వచ్చి సరిగ్గా చుక్క మీద కూర్చుంది.

"చూశారా? ఇంత తీరిగ్గా వస్తుంటే పక్కకు జరగలేదేం?"

ఆమె తెరకేసి చూస్తూనే ఉంది.

"అవి రాలేదు" అంది.

"ఏంటి?"

"నేనాడినప్పుడు అవి రాలేదు."

అతను నవ్వబోయాడు. ఆమె గొంతు విని మానేశాడు. సుడిని తీసేశాడు, తుపాకుల్ని తీసేశాడు. నల్లటి తెరమీద విమానం ఒక్కటే మిగిలింది.

"చూపు విమానం మీదే ఉంచండి. కళ్లు కదపొద్దు. నేను ఒక్కో బుల్లెట్ పెడతాను. కనబడగానే చెప్పండి."

"కుడివైపు... వచ్చింది. ఆ, మళ్లీ కుడి. ఇప్పుడు పక్కన, ఎడమే. వచ్చింది."

తర్వాత ఆమె ఎదురుచూసింది. కింద మిషన్ల చప్పుడు.

"పెట్టవేం?" అంది ఆమె.

అతను తెరనూ ఆమె కళ్లనూ మార్చి మార్చి చూశాడు.

"అబ్బాయ్, పెట్టు మరి."

"పెట్టాను వదినా. ఉంది. ఇంకా అక్కడే ఉంది."

ఆమె చూపు తిప్పింది. పై ఎడమన గులాబీ చుక్క నిలకడగా వెలుగుతోంది. చూపు మళ్లీ విమానం మీదకు తెచ్చింది. చుక్క మాయమైంది. అక్కడ నల్లటి మచ్చ లేదు, మసక లేదు. లోటున్నట్టే తెలియడం లేదు. సుడిని ఇన్నాళ్లూ ఎలా దాటిందో ఇప్పుడు తెలిసింది. అది తను అల్లినది, దాని లయ వేళ్లకు తెలుసు. సగం చూడకుండానే దాటుతోంది. గురిపెట్టి వచ్చేవాటిని మాత్రం చూసి తీరాలి.

మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంది. వీధి దాటడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఎడమనుంచి ఏమొస్తోందో నమ్మకం లేదు. రోజూ తనే స్కూటర్ నడుపుకుంటూ ఈ వీధిలోనే వచ్చిందని గుర్తొచ్చి రోడ్డంచునే ఆగిపోయింది. మరిది ఆమె మోచెయ్యి పట్టుకుని దాటించాడు. భర్తకు ఫోన్ చేసింది కూడా అతనే. "అన్నయ్యా, నువ్వు తిన్నగా కంటాసుపత్రికి వచ్చెయ్. కంగారేం లేదు" అన్నాడు.

ఆసుపత్రిలో తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించారు. ఒక కన్ను మూసి, తర్వాత రెండోది మూసి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. రెండు కళ్లకూ పై ఎడమ మూలే ఖాళీ.

"మీ కళ్లు బాగానే ఉన్నాయమ్మా" అంది డాక్టరమ్మ.

ఆ మాట విని భర్త ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె మాత్రం డాక్టరమ్మ ముఖాన్నే చూస్తోంది.

"రెండు కళ్లకూ ఒకే మూల పోయిందంటే లోపం కళ్లలో ఉండదు. వెనక, తలలో ఉంటుంది. ఈరోజే స్కాన్ తీయిద్దాం."

స్కాన్ గొట్టంలో పడుకుని ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిస్తే ఇంకో మూల కూడా పోయి ఉంటుందేమోనని భయం.

తలలో కుడిపక్క ఒక గడ్డ ఉంది. చూపు దారిని నొక్కుతోంది. ఆపరేషన్ చేశారు. అది మంచిరకం గడ్డేనని పరీక్షలో తేలేదాకా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. "ఇంకొన్నాళ్లు తెలియకపోతే కష్టమయ్యేది" అన్నాడు ఆపరేషన్ చేసినాయన. పోయిన చూపులో కొంత తిరిగొచ్చింది. కొంత రాలేదు.

జుట్టు మొలుస్తున్న తలకు గుడ్డ చుట్టుకుని ఆమె మళ్లీ ఆఫీసుకు వచ్చిన రోజున, మరిది మొహమాటపడుతూ అడిగాడు.

"ఎడమ తుపాకీ తీసేద్దామా వదినా?"

"ఎందుకు తీయడం? దాని వేగం దానికిచ్చెయ్. పాపం, నేనే చంపాను దాన్ని."

అతను మార్చాడు. ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. చూపును మాటిమాటికీ ఎడమకు తిప్పి వెనక్కి తెచ్చుకోవడం ఆసుపత్రిలో నేర్పించారు. సుడి విచ్చుకుంది. ఆమె ఎడమకు చూసింది. మూడు బుల్లెట్లు బయల్దేరుతున్నాయి. రవ్వంత జరిగింది. అవి రెక్కను ఒరుసుకుంటూ పోయాయి. వెంటనే మళ్లీ ఎడమకు చూసింది, అక్కడేమీ లేకపోయినా.