అసలు నమూనా

పక్క వీధి షాపులో నకిలీ బ్రేక్ ప్యాడ్లు దొరికి నానా రభసా అయింది. ఆ గొడవ తన గుమ్మం తొక్కకూడదని బండ్ల విడిభాగాల షాపు యజమాని వారం రోజులు కూర్చుని, సిబ్బంది కోసం ఇరవై రెండు పేజీల శిక్షణ పుస్తకం రాశాడు. అట్ట మీద తన ఫొటో వేయించుకున్నాడు.

లోపలి సంగతి మాత్రం నిజంగా పనికొచ్చేదే. సరుకు రాగానే తెల్ల కాగితం పరిచి, ఒకే దీపం కింద, ఒకే దూరం నుంచి ఆరు ఫొటోలు తీయాలి: సీలు విప్పని పెట్టె, లేబులు, బ్యాచ్ నంబరు, హోలోగ్రామ్, ప్యాడ్ వెనక రేకు మీది ముద్ర, చివరగా అసలు నమూనాతో పక్కపక్కనే పెట్టి ఒకటి. ఎక్కడ తేడా వచ్చినా సరుకు అరల్లోకి వెళ్లకూడదు.

"ఎవరి సరుకైనా సరే, మొహమాటం లేదు" అన్నాడు యజమాని, బల్ల గుద్ది.

పదిహేనేళ్లుగా కౌంటర్ చూస్తున్న, షాపులో అందరూ 'అక్క' అని పిలిచే ఆవిడ అడిగింది. "మీ బావమరిది గారి సరుక్కూడానా సార్?"

"వాడు మన ఇంటివాడమ్మా! ఆ నమూనా పెట్టె ఇచ్చిందే వాడు."

మర్నాడు పెద్ద డీలరు నుంచి నలభై పెట్టెలొచ్చాయి. అక్క ఫొటోలు తీసింది. లేబుల్లో అక్షరాలు నమూనా కంటే సన్నగా ఉన్నాయి. రేకు మీది ముద్ర లోతుగా ఉంది. యజమాని ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "చూశావా, నా పుస్తకం మొదటిరోజే దొంగను పట్టింది!" అని, ఫొటోలన్నీ జతచేసి డీలరుకు ఘాటైన ఉత్తరం పంపాడు. డీలరు వాటిని తయారీ కంపెనీకి పంపాడు.

నాలుగోరోజు కంపెనీ మనిషి ఫోన్ చేశాడు. "ఫొటోలు చాలా బాగా తీశారండీ. మీకొచ్చిన సరుకు అసలుదే. కుడిపక్క మీరు పెట్టిన నమూనాయే నకిలీ. ఆ బ్యాచ్ నంబరు మేం ఎప్పుడూ వేయలేదు."

యజమాని అరల వైపు తిరిగాడు. ఆ నమూనాతో పాటే బావమరిది పంపిన సరుకు మూడు అరల నిండా ఉంది. అప్పటికే పదకొండు జతలు అమ్ముడుపోయాయి.

ఇంటి నుంచి భార్య ఫోన్. "మా తమ్ముడి సరుకు నకిలీదట కదా, వాడి మీద అరిచారా?"

"ఇంకా అరవలేదే. ముందు వాడి సరుక్కి ఫొటోలు తీయిస్తున్నా" అన్నాడు నీరసంగా.

అక్క అరలు ఖాళీ చేసి, పెట్టెలకు ఎర్ర చీటీ అంటించి, మూల గదిలో పెట్టి తాళం వేసింది. తర్వాత పుస్తకంలో నమూనా పేజీ తీసి పెన్నుతో రాసింది: 'నమూనా కంపెనీ నుంచే నేరుగా తెప్పించాలి. బ్యాచ్ నంబరు వాళ్లతో సరిచూసుకోవాలి. బంధువులు ఇచ్చినది పనికిరాదు.'

"ఆ చివరి మాట అవసరమా?" అన్నాడు యజమాని.

"మీ పుస్తకంలో లేని ముక్క అదొక్కటే సార్."

అతను అమ్ముడైన ఆ పదకొండు జతల బిల్లులు ముందేసుకున్నాడు. మొదటి బిల్లు బడి వ్యాను డ్రైవరుది. ఫోన్ చేయడానికి అక్క చెయ్యి చాచింది. యజమాని బిల్లు ఇవ్వలేదు, తనే నంబరు నొక్కాడు.

"బాబూ, ఈ పూట వ్యాను బయటికి తీయొద్దు. తప్పు నాది. మెకానిక్‌ని తీసుకుని నేనే వస్తున్నా."