మిగతా మూడింటిలో ఏముంది

ముంచింగిపుట్టు సంతదారిలో జీపు దిగి, ఇంకో గంట కొండెక్కితే వచ్చే ఊరు అది. బడికి ఒకే గది, ఒకే టీచరు. సాలూరు నుంచి వచ్చిన ఉమామహేశ్వరికి అక్కడ ఇది ఏడో ఏడు.

ఆ బడిలో చదువు ఐదో తరగతితో సరి. ఆపైన చదవాలంటే గురుకులం ప్రవేశ పరీక్షలో సీటు రావాలి. రాకపోతే ఆడపిల్ల కాఫీ తోటకో, చంటి తమ్ముడి కాపలాకో పోతుంది. ఆ పరీక్ష ఐదో తరగతి పిల్లలకే, అదీ ఒక్కసారే.

ఈ ఏడు నలుగురు రాశారు. ముగ్గురికి సీటొచ్చింది. గంగకు మూడు మార్కుల్లో పోయింది.

గంగ! నలుగురిలో తెలివైన పిల్ల! ఉమామహేశ్వరికి ఆ రోజు అన్నం సహించలేదు. పరీక్ష పెట్టినవాళ్లను, దేవుణ్ణి కలిపి నాలుగు తిట్టింది. తెల్లారగానే గంగ తండ్రి ఫల్గుణ ఇంటికి వెళ్లి, పరీక్షలో ఇచ్చిన ప్రశ్నల పుస్తకం చూపించమంది.

"మా గుంట బాగానే రాసినానన్నాది టీచరమ్మా," అంటూ ఫల్గుణ దాన్ని చూరులోంచి తీసిచ్చాడు. గంగ గుమ్మం పక్కన తమ్ముణ్ణి చంకనేసుకుని నిలబడింది.

మొదటి పదిహేను ప్రశ్నలూ ఒకే రకం. నాలుగింటిలో భిన్నమైనది గుర్తించమన్నవి. గంగకు ప్రాణం అవంటే.

బళ్లో వాటికి ఉమామహేశ్వరి పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఊరికే వేలు పెట్టి చూపితే ఒప్పుకోదు. లేచి నిలబడి కారణం చెప్పాలి. "ఒకదానిలో ఏటి వింతుందో కాదు, మిగతా మూడింటిలో ఏటుందో సెప్పండి. అది దీనికి లేకపోతేనే ఇది వేరు. కారణం లేని జవాబు సెల్లదు," అనేది.

ఒకసారి 9, 16, 23, 25 ఇచ్చింది. గంగ లేచి 16 అంది. మిగతా మూడూ బేసి సంఖ్యలట. తప్పని ఎలా అంటుంది? మెచ్చుకుని, మళ్లీ చూడమంది. గంగ వేళ్లు ముడిచి, విప్పి, "23 టీచరమ్మా! 9 మూడు మూళ్లు, 16 నాలుగు నాలుగులు, 25 అయిదు అయిదులు. 23 అలా రాదు," అంది. రెండు కారణాలూ నిలిచేవే గాని, బేసి సంఖ్యలు అడుగడుక్కీ తగులుతాయి. అలాంటి లబ్ధాలు అరుదు. అరుదైన చుట్టరికమే గట్టిదని ఉమామహేశ్వరి తేల్చింది. ఆ వారమంతా గంగ కనబడ్డవాళ్లందరికీ చుట్టరికాలు కలిపింది.

ఇప్పుడు ఉమామహేశ్వరి ప్రశ్నల పుస్తకంలో ఒక్కొక్కటే చూసింది. 11, 13, 15, 17 కింద ముత్యాల్లాంటి అక్షరాలు: "15. దీన్ని మూడు, ఐదు భాగిస్తాయి. మిగతా మూడింటినీ ఒకటి, అవే తప్ప ఏవీ భాగించవు." త్రిభుజం, చతురస్రం, దీర్ఘచతురస్రం, వృత్తం దగ్గర: "వృత్తం. మిగతా మూడింటికీ మూలలున్నాయి." రాగి, సామ, కొర్ర, కాఫీ దగ్గర: "కాఫీ. మిగతా మూడూ అంబలికి పనికొస్తాయి."

ఉమామహేశ్వరికి నవ్వొచ్చింది. పదిహేనింటికీ పదిహేనూ సరైనవే. ప్రతిదానికీ కారణం రాసి ఉంది. కొన్నిటికి గంగ రెండేసి రాసి, గట్టిది కానిదాన్ని కొట్టేసింది.

పేజీలు తిప్పింది. నలభై ఆరో ప్రశ్న దాకా జవాబు గుర్తులున్నాయి. ఆ తర్వాత అరవై వరకు ఒక్క గీత లేదు.

"ఇవి ఎందుకు సెయ్యలేదే?"

"టైమైపోనాది. జవాబు కాగితం లాగేసుకున్నారు."

ఉమామహేశ్వరి మళ్లీ మొదటి పేజీకి తిప్పి, ఆ కారణాలన్నీ చూసింది. పరీక్షకు ముందు, జవాబు కాగితం మీద ఒక సున్నా నింపితే చాలని తను చెప్పింది. పెన్నుతో ఎలా నింపాలో చూపింది. దిద్దేది యంత్రమని, దానికి కారణాలు అక్కర్లేదని, అక్కడ కారణం రాయొద్దని మాత్రం చెప్పలేదు. చెప్పాలని తట్టనే లేదు.

"టీచరమ్మా, నా కారణాలు తప్పా?"

"లేదమ్మా. అన్నీ రైటే."

గంగ తమ్ముణ్ణి ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది. "నలుగురం రాసినాం. నానొక్కదాన్నే వేరైపోనాను. ఆ ముగ్గురిలో ఏటుంది, నాలో లేనిది?"

ఫల్గుణ కసరబోయాడు. ఉమామహేశ్వరి చెయ్యెత్తి ఆపింది. అడిగే హక్కు ఆ పిల్లకుంది. కారణం లేని జవాబు చెల్లదని నేర్పింది తనే కదా.

"ఆళ్లు ముగ్గురూ పరీక్షలో నా మాట మర్చిపోయారమ్మా. నువ్వు మర్చిపోలేదు."

గంగ ఆలోచించింది. ఒకరి తర్వాత ఒకరిని, ముగ్గురినీ వేళ్ల మీద సరిచూసుకుంది. తర్వాత తలాడించింది.

"ముగ్గురికీ సరిపోతాది. కారణం రైటే టీచరమ్మా," అని, ఏడుస్తున్న తమ్ముణ్ణి ఊరుకోబెడుతూ లోపలికి వెళ్లింది.