ఎదురు తిరిగిన వై

రావమ్మకు ఎవరి మీదనైనా అనుమానం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. ఈసారి మాత్రం కారణం బాత్రూం నేల మీద నురగై తేలుతోంది.

పటమటలో వాళ్ళది పైన ఒక వాటా ఉన్న ఇల్లు. కింద రావమ్మ, ఆమె భర్త రామకోటేశ్వరరావు ఉంటారు. రెండేళ్ళ కిందట కట్టించిన పై వాటా ఖాళీగానే ఉండి ఉండి, ఉగాది వెళ్ళాక రూతు, సురేష్, వాళ్ళ పిల్లతో నిండింది. వాళ్ళు దిగిన వారానికే కింద బాత్రూంలో, ఎవరూ స్నానం చేయకుండానే, నేల జాలీలోంచి నీళ్ళు పైకి ఉబకసాగాయి.

రావమ్మ చదివింది బి.ఎస్సీ. కెమిస్ట్రీ. ముక్కుతో, కంటితో పరీక్ష పూర్తి చేసింది.

"నురగ మల్లెపూల వాసనొస్తోందండీ. మన సబ్బు గంధం. పొలుసులు కూడా తేలాయి. మనింట్లో చేప ఆదివారం, ఇవాళ బుధవారం."

"అయితే ఏవంటావ్?" అన్నాడు రామకోటేశ్వరరావు పేపరు దించకుండా.

"పైవాళ్ళు పైపులో చెత్త పోసి అడ్డం పెట్టేశారంటాను. వాళ్ళు రాకముందు ఒక్కనాడైనా ఇలా వచ్చిందా?"

రాలేదు. రామకోటేశ్వరరావు పేజీ తిప్పాడు.

రావమ్మ మెట్లెక్కి వెళ్ళి, నెలాఖరుకి ఖాళీ చేయమని చెప్పేసింది. రూతు బెంజ్ సర్కిల్ దగ్గర ఆసుపత్రిలో నర్సు. సురేష్‌కి కొండపల్లి థర్మల్ స్టేషన్‌లో షిఫ్టులు. ఇద్దరూ ఇంట్లో లేని పూట పిల్ల తనంతట తాను నడిచి రాగలిగేది వీధి చివరి బడి నుంచి ఈ ఇంటికే.

"ఆంటీ, సింకులో జల్లెడ పెట్టాను. బాత్రూంలో వెంట్రుక కూడా పోనివ్వను. కావాలంటే చూడండి," అంది రూతు.

"చూశాను. మా బాత్రూంలో చూశాను. ఆ పొలుసులకి కాళ్ళొచ్చి మెట్లు దిగాయా మరి?"

రూతు మొహం చిన్నబోయింది. సాయంత్రానికల్లా గేటుకి 'ఇల్లు అద్దెకు' బోర్డు వేలాడింది.

మర్నాడు ప్లంబరు యేసుకుమార్ వచ్చాడు. పేరు వినగానే రావమ్మ మనసులో ఒక లెక్క వేసుకుంది. ఇతనిదీ రూతుదీ ఒకటే చర్చి అయి ఉంటుంది, ఆ అమ్మాయిని వెనకేసుకొస్తాడు. వస్తే కడిగేద్దామని కాచుకుని కూర్చుంది. అతనేమో చెప్పులు విప్పకముందే తేల్చేశాడు.

"పైవాళ్ళేనండీ అమ్మగారూ. ఏ ఇంట్లోనైనా పైవాళ్ళే."

సిద్ధం చేసుకున్న అనుమానం అలా వృథా అయింది. కానీ రావమ్మ దగ్గర అనుమానాలకు కరువు లేదు. పెరట్లో పడమటి గోడ వైపు చెయ్యి చూపించింది.

"ఇది చెప్పు. పైనుంచి దిగే ఆ పైపుకి టీ అక్షరంలాంటి జాయింటు పెట్టారు. నేలలో మా బాత్రూం కలిసే చోట వై అక్షరంలాంటిది పెట్టామన్నారు. రెండూ కలపడానికేగా? చోటుకో రకమెందుకు, బిల్లు పెంచడానికా?"

"భలేవారే. అక్కడ వాళ్ళ నీళ్ళు అడ్డంగా వచ్చి నిలువు పైపులో పడతాయండి. పడ్డాక కిందకి తప్ప దారేదీ? అందుకని టీ చాలు. ఆ టీకి కూడా మెడ కొంచెం కిందకి వంచి ఉంటుంది, చూడండి. నేలలో పైపు పడుకుని ఉంటుంది కదా, దానికి అటూ దారే, ఇటూ దారే. అందుకే వై. ఏటవాలుగా కలిపి, నీళ్ళు పోవాల్సిన వైపుకే తోస్తుంది."

"గోడ పైపు అడుగున అంత బారు వంపెందుకు? మలుపంటే మలుపేగా?"

"అది లాంగ్ బెండు. పైనుంచి దభీమని దిగిన నీళ్ళు పొట్టి బెండులో గుద్దుకుని చెత్త అక్కడే దించేస్తాయి. దీన్లో అయితే జారిపోతాయి."

అన్నిటికీ జవాబున్న మనిషిని నమ్మకూడదని రావమ్మ నియమం. కుర్చీ తెచ్చుకుని అతని పక్కనే వేసుకుంది.

యేసుకుమార్ బాత్రూం బయట ఉన్న చిన్న మురుగు ఛాంబరు మూత తీశాడు. అందులోంచి స్ప్రింగు తీగ తోస్తే పెద్ద పైపులో పడి, ఇంటి ముందు ఈశాన్యం మూలనున్న ఛాంబరులో తేలాలి. అక్కడ రామకోటేశ్వరరావు టార్చి పట్టుకుని నిలబడ్డాడు.

"వచ్చిందా సార్?"

"రాలేదయ్యా."

ఇంకా తోశాడు. తీగ ఎక్కడా ఆగకుండా హాయిగా పోతోంది.

"ఇప్పుడొచ్చిందా?"

"బొద్దింక వచ్చింది."

ఇంతలో డ్యూటీకి బయల్దేరిన రూతు మెట్ల మీదే ఆగిపోయింది. "ఆంటీ, మా పైపులో ఎవరో తడుతున్నారు!"

రావమ్మ పరిగెత్తుకెళ్ళి పడమటి గోడ పైపుకి చెవి ఆనించింది. లోపల టకటకమంటోంది. తూర్పుకి పోవాల్సిన తీగ పడమరకెళ్ళి, లాంగ్ బెండు ఎక్కి, రూతు వాళ్ళ పైపులో తల కొట్టుకుంటోంది.

"కావాలనే అటు తిప్పావా?" అంది యేసుకుమార్‌తో.

"నేలలో ఉన్నదాన్ని నేనెలా తిప్పుతానండీ? వై ఎటు చూపిస్తే తీగ అటే పోద్ది." అనేసి, తన మాట తనకే వినబడినట్టు తీగ వదిలేశాడు.

రావమ్మకీ వినబడింది. వై నీళ్ళు పోయే వైపుకే తోస్తుందని ఇందాక చెప్పింది ఇతనే. అది పడమరకి తోస్తోందంటే, నీళ్ళు ఒకప్పుడు పడమరకే పోయి ఉండాలి. పోయేవి కూడా. వెనక సందు కాలవలోకి. ఈశాన్యం ఛాంబరు పై వాటా కోసమే అనుకుంది తను. మరి కింది నీళ్ళు అటు ఎప్పుడు తిరిగాయి?

ఆమె మెల్లగా, టార్చితో అక్కడికే వచ్చిన భర్త వైపు తిరిగింది. రామకోటేశ్వరరావు టార్చి ఆర్పేశాడు.

"ఏవండీ. పై వాటాకి పైపులు వేసేటప్పుడు నేను కూచిపూడిలో మా చెల్లెలింట్లో ఉన్నాను. ఇక్కడేం జరిగింది?"

"ఏం జరుగుతుందే. నీళ్ళు ఈశాన్యం నుంచి పోతే ఇంటికి మంచిదన్నాడు సిద్ధాంతి. మేస్త్రీ పైపు ఎత్తి, వాలు తూర్పుకి పెట్టి, కొత్త ఛాంబరు కట్టాడు."

"వై?"

"బాగానే ఉంది కదా, మళ్ళీ కోయడమెందుకని ఉంచేయమన్నాను."

పలుగు దిగింది. మట్టి తీశాక అందరూ గోతిలోకి వంగారు. వై ఏటవాలు చెయ్యి పాత అలవాటు ప్రకారం పడమరకే తోస్తోంది. పైనుంచి జోరుగా తూర్పుకి వచ్చే రూతు వాళ్ళ నీళ్ళకి అది తిన్నగా నోరు తెరుచుకుని ఎదురొస్తోంది. సగం నీళ్ళు అందులోకి దూరి రావమ్మ బాత్రూంకి, సగం సిద్ధాంతి చెప్పిన చోటికి. కొట్టుకున్న చోట పొలుసులు పేరుకున్నాయి. పై వాటా ఖాళీగా ఉన్నన్నాళ్ళు ఎదురొచ్చేవాళ్ళు లేక గుట్టు దాగింది.

"వాళ్ళు అడ్డం పెట్టలేదండీ. మన వైయే ఎదురెళ్ళింది," అన్నాడు యేసుకుమార్. ఏ ఇంట్లోనైనా పైవాళ్ళే అన్న సంగతి మాత్రం ఎత్తలేదు. "కోసి, కొత్త వై తూర్పుకి తిప్పి పెడితే సరి."

రామకోటేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "వై ఎందుకు, టీ పెట్టెయ్యి. దానికి అటూ ఇటూ ఉండదుగా. రేపు ఇంకో సిద్ధాంతి ఇంకో దిక్కు చెప్పినా ఇబ్బందుండదు."

"పడుకున్న పైపులో టీ పెడితే నీళ్ళు రెండు వైపులా పోతాయి సార్. అదే కదండీ బాధ."

"ఇంకో సిద్ధాంతి గేటు దాటి వస్తే కదా," అంది రావమ్మ.

రూతు ఇంకా మెట్ల దగ్గరే నిలబడి ఉంది. క్షమించమనే మాట రావమ్మ నోటికి అలవాటు లేదు. కొత్త వై తేవడానికి యేసుకుమార్ బజారుకి బయల్దేరుతుంటే కేకేసింది.

"ఏవయ్యా, ఈ గొయ్యి ఇలా వదిలేసి పోతావా? పిల్ల బడి నుంచి వచ్చే వేళవుతోంది. పడితే?"

"మూతకి ఏవీ లేదండీ అమ్మగారూ."

రావమ్మ గేటు దాకా నడిచి వెళ్ళి బోర్డు తీగ విప్పింది. తెచ్చి, అక్షరాలు బురదలోకి ఉండేట్టు గోతి మీద బోర్లించి, కాలితో ఒకసారి గట్టిగా నొక్కి చూసింది.

"ఆంటీ, బోర్డు?" అంది రూతు.

"సరిగ్గా సరిపోయింది. నువ్వు డ్యూటీకి పో, పిల్లని నేను చూసుకుంటాను." మెట్ల వైపు ఒక్క క్షణం చూసి, "బుధవారం పులుసులోకి ఏ చేప తెచ్చావ్, అంత పొలుసుంది?" అంది.