శివరంజనిలో పెండ్లి పాట

సిరిసిల్లలో భర్త బాలకిషన్ దశదినకర్మ నాడు ఆయన పాట పెట్టాలనుకుంది శాంత. సాంచాల మీద, అదే మరమగ్గాల మీద, నేస్తూ ఆయన పాడుకునేవాడు; ఆ చప్పుడులో ఆమెకు మాటలెన్నడూ వినపడలేదు. అది శివరంజని రాగమని ఆయనే చెప్పాడు. పాడుతూ కళ్లు తుడుచుకునేవాడు.

“ఏడుపు పాటనే బిడ్డా,” అంది శాంత.

కూతురు రచన ఫోన్‌లో శివరంజని రాగంలోని సినిమా పాటలు వెతికి, విషాదగీతాల పల్లవులన్నీ వినిపించింది. ఏదీ కాదంది శాంత. విసుగొచ్చి రచన అదే రాగంలోని హుషారు పాటలు మొదలుపెట్టింది. ఒక యుగళగీతానికి శాంత ఉలిక్కిపడింది.

“జర స్పీడు తగ్గించు.”

పాట నెమ్మదించగానే బాలకిషన్ కూనిరాగం బయటపడింది.

“గిది మా పెండ్లిల బ్యాండోళ్లు వాయించిన పాట,” అంది శాంత. “గిది పాడుకుంట ఎందుకు ఏడ్సిండో, ఒక్కనాడన్న అడగకపోతి.”